వారంట్ మీద సంతకం ఎవరిదో కాదు, సెలెక్టర్ ఎవరు రాశారో అడగాలి

2015 జూలై 1న లండన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కు ఒక ఈమెయిల్ వచ్చింది. పంపింది ఇన్వెస్టిగేటరీ పవర్స్ ట్రిబ్యునల్. బ్రిటన్ గూఢచారి సంస్థల మీద ఫిర్యాదులు వినేది ఈ ట్రిబ్యునలే. అంతకు తొమ్మిది రోజుల ముందు, జూన్ 22న, అది ఒక తీర్పు ఇచ్చింది. ఈజిప్టుకు చెందిన ఒక మానవ హక్కుల సంస్థ ఈమెయిళ్లను ఆ గూఢచారి సంస్థల్లో ఒకటైన జీసీహెచ్‌క్యూ పట్టుకుందని, పట్టుకోవడం, చూడడం చట్టబద్ధమే గానీ, ఉంచుకోవలసిన గడువు దాటాక కూడా ఉంచుకుందని ఆ తీర్పు సారాంశం. జూలై 1 నాటి ఈమెయిల్‌లో చెప్పింది ఒక సవరణ. ఆ సంస్థ ఈజిప్టుది కాదు, ఆమ్నెస్టీ.

ఎవరి ఉత్తరాలు ఎవరి దగ్గర ఉన్నాయో విచారించడానికే పెట్టిన ట్రిబ్యునల్, నెలల తరబడి విచారణ జరిపి, బాధితుడి పేరే తప్పు రాసింది. అదే తీర్పులో దక్షిణాఫ్రికాలోని లీగల్ రిసోర్సెస్ సెంటర్ ఈమెయిళ్లను పరిశీలనకు ఎంపిక చేసేటప్పుడు జీసీహెచ్‌క్యూ తన సొంత అంతర్గత పద్ధతినే పాటించలేదని కూడా తేలింది. ఇలా తేలడమే అరుదు. ఈ ట్రిబ్యునల్ ఫిర్యాదుదారుకు మామూలుగా ఇచ్చే జవాబు ఒక్కటే: మీకు అనుకూలంగా ఏ నిర్ణయమూ చేయలేదు. మీ మీద నిఘా లేదని దానికి అర్థం కావచ్చు, నిఘా ఉంది గానీ చట్టబద్ధమేనని కావచ్చు. ఏది నిజమో తెలుసుకునే దారి లేదు.

ఈ రెండు తప్పులూ ఎక్కడ జరిగాయో గమనించండి. మంత్రి వారంట్ మీద సంతకం పెట్టే చోట కాదు. ఒకటి ఎంపిక దగ్గర, ఒకటి నిల్వ దగ్గర. మూకుమ్మడి నిఘా మీద మన చర్చంతా వారంట్ చుట్టూ తిరుగుతుంది. అసలు హక్కు నలిగేది మాత్రం వారంట్ దాటాక. ఈ వ్యాసంలో నేను వాదించేది ఇదే.

ముందు యంత్రాంగం ఎలా పనిచేస్తుందో చూడాలి. గుంటూరులో ఉన్న ఒకరు లండన్‌లోని అక్కకు ఈమెయిల్ పంపారనుకుందాం. అది ఒక్క ముక్కగా వెళ్లదు. చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. ఆ ప్యాకెట్లు ఏ క్షణంలో ఏ దారి ఖాళీగా, చవకగా ఉంటే ఆ దారిన పోతాయి. సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుళ్లలో ఒక్కో దాంట్లో ఎన్నో దారులుంటాయి. వాటిని బేరర్లు అంటారు. ప్రపంచ ఇంటర్నెట్‌ను కలిపే బేరర్లు దాదాపు లక్ష ఉంటాయని 2015లో బ్రిటిష్ పార్లమెంటు నిఘా కమిటీ లెక్క చెప్పింది. బ్రిటన్ తీరంలో కేబుళ్లు చాలా వచ్చి తేలతాయి కాబట్టి, బ్రిటన్‌తో ఏ సంబంధం లేని ఇద్దరి మాటలు కూడా అక్కడి నుంచి పోయే అవకాశం ఎక్కువ.

నిఘా సంస్థ ఈ బేరర్లలో కొన్నిటిని ఎంచుకుని వాటిలో పోయేదాన్నంతా పట్టుకుంటుంది. ఒక పద్ధతిలో, పోతున్న ప్యాకెట్లను అప్పటికప్పుడే ఒక జాబితాతో పోల్చి చూస్తారు. జాబితాలో ఉండేవి ఈమెయిల్ చిరునామాలు, ఫోన్ నంబర్ల వంటి గుర్తులు. వీటినే సెలెక్టర్లు అంటారు. కలిసినవి ఉంచుకుని మిగతావి వెంటనే వదిలేస్తారు. రెండో పద్ధతిలో కొంత సరుకును కొన్నాళ్లు నిల్వ చేసి, దాని మీద క్లిష్టమైన ప్రశ్నలు వేస్తారు: ఫలానా ప్రాంతం నుంచి, ఫలానా భాషలో, ఫలానా రకం సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్లు ఎవరు అన్నట్టుగా. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా వచ్చిన వార్తల ప్రకారం, జీసీహెచ్‌క్యూ టెంపోరా కార్యక్రమంలో లోపలి మాటలు మూడు రోజులు, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్న మెటాడేటా ముప్పై రోజులు నిల్వ ఉండేవి.

ఇక చట్టం. అప్పటి బ్రిటిష్ చట్టం, రిపా అని పిలిచే 2000 నాటి చట్టం, సెక్షన్ 8(4) కింద మంత్రి ఒక వారంట్ ఇచ్చేవారు. అందులో వ్యక్తి పేరు, ఇంటి చిరునామా అవసరం లేదు. దేశం బయటకు పోయే లేదా బయట నుంచి వచ్చే సమాచారం అయితే చాలు. జాతీయ భద్రత పేరుతో ఇస్తే ఆరు నెలలు చెల్లేది, పొడిగించే వీలుండేది. అయితే ఒక బేరర్‌లో స్వదేశీ ప్యాకెట్లు, విదేశీ ప్యాకెట్లు కలగలిసే ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే ముందు అన్నీ పట్టుకోవాలి. అందుకని లోపలి సమాచారం దారిలో తగిలితే అదీ పట్టుకోవచ్చని చట్టమే ఒప్పుకుంది. దానికి తోడు, లండన్‌లో కూర్చున్న మనిషి గూగుల్‌లో వెతికినా, ఫేస్‌బుక్‌లో రాసినా, సర్వర్ విదేశంలో ఉంటే అది విదేశీ సమాచారమేనని 2014లో బ్రిటిష్ హోం శాఖ అధికారి ప్రమాణ పూర్వకంగా కోర్టుకు చెప్పారు. విదేశీ అన్న మాటకు ఆ తర్వాత మిగిలిన అర్థం చాలా తక్కువ.

అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 17వ అధికరణం ఎవరి ఏకాంతం, కుటుంబం, ఇల్లు, ఉత్తరప్రత్యుత్తరాల్లోనూ అడ్డగోలుగా గానీ చట్టవిరుద్ధంగా గానీ జోక్యం చేసుకోకూడదంటుంది. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో 8వ అధికరణం పని కూడా ఇదే. జోక్యం ఎప్పుడు మొదలవుతుంది అన్నదే ఇక్కడ తొలి తగాదా. యంత్రం పట్టుకుంది, మనిషి ఎవరూ చూడలేదు, కాబట్టి ఎవరి గోప్యతా చెడలేదని ప్రభుత్వాలు వాదిస్తాయి. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల హైకమిషనర్ 2014 నివేదిక దీన్ని ఒప్పుకోలేదు. మూకుమ్మడి నిఘా కార్యక్రమం ఒకటి ఉండడమే జోక్యమని చెప్పింది. పోస్టుమాన్ ఉత్తరాలన్నీ విప్పి, ఫొటో తీసి, చదవకుండా బీరువాలో పెట్టాడంటే మనకేమీ కాలేదని అనుకోం కదా. ఎప్పుడైనా చదవొచ్చన్న వీలే అధికారం.

స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం మధ్యేమార్గం పట్టింది. బ్రిటన్ గోప్యతా హక్కుల సంస్థ బిగ్ బ్రదర్ వాచ్, మరికొందరు రిపా నిఘా మీద వేసిన కేసులో 2021 మే 25న పదిహేడు మంది న్యాయమూర్తుల గ్రాండ్ ఛాంబర్ తీర్పు వచ్చింది. జోక్యం అన్నది ఒక్క దెబ్బ కాదు, మెట్టు మెట్టుగా పెరిగేదని కోర్టు అంది. మొదటి మెట్టు పట్టుకోవడం, కొద్దికాలం ఉంచుకోవడం. రెండోది సెలెక్టర్లతో జల్లెడ పట్టడం. మూడోది విశ్లేషకుడు చదవడం. నాలుగోది తేలినదాన్ని నిల్వ చేయడం, వాడుకోవడం, ఇతర దేశాలతో పంచుకోవడం. మొదటి మెట్టు దగ్గరే 8వ అధికరణం వర్తిస్తుంది. కానీ పట్టుకుని వెంటనే వదిలేస్తే అది పెద్ద జోక్యం కాదు. మెట్టు ఎక్కేకొద్దీ రక్షణల అవసరం పెరుగుతుంది. మొదటి నుంచి చివరి దాకా రక్షణలుంటే మూకుమ్మడి సేకరణ తనంతట తాను ఒప్పందానికి విరుద్ధం కాదు.

ఆ చివరి వాక్యం చాలామందికి చేదుగా అనిపించింది. న్యాయమూర్తి పింటో డి అల్బుకర్క్ తన విడి అభిప్రాయంలో మెజారిటీని గట్టిగా తప్పుబట్టారు. ఆయన ఆందోళన నాకు అర్థమవుతుంది. అయినా ఆ తీర్పులో గట్టి సరుకుంది. అది ఆ నాలుగు మెట్ల విభజనలోనే ఉంది. ఎందుకంటే ఆ మెట్లు పట్టుకుని చూస్తే ఏ చట్టంలో కన్నం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు.

రిపా చట్టంలో కోర్టు మూడు కన్నాలు చూపించింది. మొదటిది, వారంట్‌కు అనుమతి ఇచ్చేది మంత్రి. ప్రభుత్వానికి సంబంధం లేని స్వతంత్ర సంస్థ ఏదీ ముందుగా చూడదు. రెండోది, వారంట్ కోసం పెట్టే దరఖాస్తులో ఏ రకం సెలెక్టర్లు వాడతారో కూడా రాయనక్కర్లేదు. మూడోది, ఒక ఫలానా మనిషికి ముడిపడిన సెలెక్టర్ వాడాలంటే, అంటే అతని ఈమెయిల్ చిరునామానే జాబితాలో ఎక్కించాలంటే, సంస్థ లోపల కూడా పైవాళ్ల ముందస్తు అనుమతి తీసుకోనక్కర్లేదు. 8వ అధికరణం ఉల్లంఘన జరిగిందని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తేల్చారు.

మొదటిది పత్రికల్లో బాగా వచ్చింది. నా దృష్టిలో మిగతా రెండే అసలైనవి. మామూలు ఫోన్ ట్యాపింగ్‌లో వారంట్‌లోనే నంబరు ఉంటుంది. ఎవరిని వింటున్నారో సంతకం పెట్టే మనిషికి తెలుసు. మూకుమ్మడి నిఘాలో వారంట్‌లో ఉండేది కేబుళ్లు, ఉద్దేశాలు. మనుషులు ఉండరు. మనిషి ఇందులోకి వచ్చేది ఆ తర్వాత, ఒక విశ్లేషకుడు తన కంప్యూటర్‌లో ఒక చిరునామా టైపు చేసినప్పుడు. అంటే పాత వారంట్ చేసే పని ఇక్కడ సెలెక్టర్ చేస్తోంది. ఎవరి ఇంట్లో సోదా చేయాలో రాసే కాగితం అదే. వారంట్‌ను హైకోర్టు జడ్జితో సంతకం పెట్టించినా, సెలెక్టర్‌ను ఎవరైనా ఎక్కించగలిగితే, ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే. లీగల్ రిసోర్సెస్ సెంటర్ ఈమెయిల్ పరిశీలనకు వెళ్లింది ఈ పెరటి తలుపులోంచే. అక్కడ ఒక అంతర్గత పద్ధతి ఉంది. పాటించలేదు. అది బయటపడింది వాళ్లు కోర్టుకు వెళ్లారు కాబట్టి, అప్పుడే బయటపడింది.

విలేఖరుల విషయంలో కోర్టు ఇంకో అడుగు వేసింది. విలేఖరికి ముడిపడిన సెలెక్టర్ వాడాలంటే, లేదా విలేఖరి రహస్య సమాచారం దొరికే అవకాశం ఎక్కువగా ఉన్న సెలెక్టర్ వాడాలంటే, జడ్జి గానీ స్వతంత్ర సంస్థ గానీ ముందుగా ఒప్పుకోవాలి. అంటే సెలెక్టర్ స్థాయిలో బయటి అనుమతి సాధ్యమేనని కోర్టుకు తెలుసు. మరి న్యాయవాదికి, డాక్టరుకు, మామూలు మనిషికి అంతర్గత అనుమతి ఎందుకు చాలిందో తీర్పులో ఒప్పించే కారణం నాకు కనబడలేదు. సెలెక్టర్లు వేలల్లో ఉంటాయి, ప్రతిదాన్నీ జడ్జి చూడలేడు అన్నది ప్రభుత్వాల వాదన. నిజమే కావచ్చు. అలాంటప్పుడు మనిషి పేరుతో ఉన్నవాటినైనా చూడాలి. 2016లో బ్రిటన్ కొత్త చట్టం తెచ్చి, మంత్రి సంతకం మీద జ్యుడీషియల్ కమిషనర్ ఆమోదం కూడా ఉండాలంది. దీన్ని రెండు తాళాల పద్ధతి అంటారు. ఆ తాళాలు రెండూ ఉన్నది మళ్లీ ముందు తలుపుకే.

మెటాడేటా గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎవరితో, ఎంతసేపు అన్న వివరాలు ఇవి. ఉత్తరం కాదు, కవరు మీద రాత అని ప్రభుత్వాలు అంటాయి. ఇప్పుడు మన ఈమెయిళ్లూ సందేశాలూ ఎక్కువగా ఎన్‌క్రిప్ట్ అయిపోయి వెళ్తాయి. వాట్సాప్ సందేశాన్ని కేబుల్ మధ్యలో పట్టుకున్నా లోపలి మాట చదవలేరు. కానీ ఏ చిరునామా నుంచి ఏ సర్వర్‌కు, ఏ సమయంలో, ఎంత పరిమాణంలో పోయిందో కనబడుతుంది. కేబుల్ దగ్గర కూర్చున్న వాడికి ఇవాళ మిగిలింది చాలావరకు కవరే. ఒక మనిషి రాత్రి పదకొండింటికి క్యాన్సర్ ఆసుపత్రి సైటుకు, పొద్దున్నే బీమా కంపెనీకి, మధ్యాహ్నం లాయరుకు కనెక్ట్ అయ్యాడని తెలిస్తే ఉత్తరం విప్పాల్సిన పనేముంది? మెటాడేటా సేకరణ తప్పనిసరిగా తక్కువ చొరబాటు అని తాము నమ్మడం లేదని కోర్టు తేల్చి చెప్పింది. అది మంచి మాట. అయితే బ్రిటన్‌లో ఉన్న మనిషి సెలెక్టర్‌తో మాటలు వెతకకూడదన్న రక్షణ రిపా చట్టంలో మెటాడేటాకు వర్తించేది కాదు. 2018లో ఇదే కేసును మొదట విన్న ఏడుగురు న్యాయమూర్తుల బెంచ్ దాన్ని లోపంగా ఎత్తిచూపింది. 2021లో గ్రాండ్ ఛాంబర్ ఆ మినహాయింపు ఒక్కదాన్నే నిర్ణాయకంగా తీసుకోలేదు. ఇక్కడ పాత బెంచే సరిగ్గా ఆలోచించిందని నా ఉద్దేశం.

ముందు తలుపు ఎంత గట్టిగా ఉన్నా చాలదనడానికి స్వీడన్ మంచి ఉదాహరణ. అదే రోజు, అదే గ్రాండ్ ఛాంబర్, సెంట్రమ్ ఫర్ రాట్విసా అనే స్వీడిష్ సంస్థ కేసులోనూ తీర్పిచ్చింది. స్వీడన్‌లో అనుమతి ఇచ్చేది మంత్రి కాదు, ప్రత్యేక న్యాయస్థానం. అయినా స్వీడన్ ఓడిపోయింది. వ్యక్తిగత వివరాలు లేని సరుకును ఎప్పుడు నాశనం చేయాలో స్పష్టమైన నియమం లేదు. విదేశీ సంస్థకు సమాచారం ఇచ్చేటప్పుడు ఆ మనిషి గోప్యతను తూచి చూడాలన్న నిబంధన లేదు. జరిగిపోయాక ఫిర్యాదు చేస్తే, కారణాలు చూపించి జవాబు చెప్పే స్వతంత్ర వేదిక లేదు. మొదటి మెట్టు బాగుంది, నాలుగో మెట్టు కూలింది.

మరి గుంటూరులో ఉన్న మనిషి సంగతేమిటి? చాలాకాలం బ్రిటన్ జవాబు, అతను మా భూభాగంలో లేడు కాబట్టి మా బాధ్యత కాదు అనే. ఒడంబడిక మా నేల దాటి వర్తించదని అమెరికా కూడా అంటూ వచ్చింది. మనవాళ్ల సగం బంధువులు డల్లాస్‌లో, లండన్‌లో, దుబాయ్‌లో ఉన్న కాలంలో ఈ వాదనకు గురయ్యేది మన ఇళ్ల మాటలే. 2020 మే 19న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, విదేశాల్లో ఉన్న విదేశీయుల మీద నిఘా పెట్టినా జర్మన్ ప్రభుత్వం తన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులకు కట్టుబడి ఉండాల్సిందేనని చెప్పింది. 2023 సెప్టెంబరు 12న స్ట్రాస్‌బర్గ్ కోర్టు వీడర్, గ్వార్నియెరి కేసులో ఇదే ప్రశ్న తీసుకుంది. ఇద్దరిలో ఒకరు ఫ్లోరిడాలో ఉంటారు, ఒకరు బెర్లిన్‌లో. ఇద్దరూ బ్రిటన్‌లో లేరని ట్రిబ్యునల్ వాళ్ల ఫిర్యాదు వినలేదు. కోర్టు చేసిన తర్కం సూటిగా ఉంది. మనిషి ఎక్కడున్నాడన్నది కాదు, ఉత్తరం ఎక్కడ పట్టుకున్నారు, ఎక్కడ వెతికారు, ఎక్కడ చదివారు అన్నది చూడాలి. అవన్నీ జరిగింది బ్రిటన్‌లో. కాబట్టి జోక్యమూ అక్కడే జరిగింది, బాధ్యతా ఆ దేశానిదే. గోప్యత అంటే ఉత్తరం రాసినవాడి శరీరం కాదు కదా, ఉత్తరం. అది ఎక్కడ విప్పితే అక్కడ గాయం.

ఇక మన దేశం. భారత్ 1979లోనే ఒడంబడికలో చేరింది, 17వ అధికరణానికి కట్టుబడింది. వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. కాబట్టి ఇక్కడి మనిషి జెనీవాలోని మానవ హక్కుల కమిటీ తలుపు తట్టలేడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. జోక్యానికి చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, ఉద్దేశానికి తగినంతకు మించకూడదు అన్నారు. కానీ ట్యాపింగ్‌కు అనుమతి ఎవరివ్వాలన్నది 1996లో పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసు దగ్గరే ఆగింది. అప్పుడు సుప్రీంకోర్టు ముందస్తు న్యాయ పరిశీలన కావాలనలేదు. హోం కార్యదర్శి ఆదేశం ఇవ్వాలి, కార్యదర్శుల కమిటీ సమీక్షించాలి అంది. అదే తర్వాత టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఏ నిబంధన అయింది. ఆదేశం అరవై రోజులు చెల్లుతుంది, పొడిగిస్తే మొత్తం 180 రోజులు. కేంద్రంలో సమీక్ష కమిటీకి క్యాబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చినా ఈ చట్రం మారలేదు. ఇచ్చేదీ ప్రభుత్వమే, చూసేదీ ప్రభుత్వమే. స్ట్రాస్‌బర్గ్ కొలబద్ద పెడితే మొదటి కన్నం దగ్గరే ఆగిపోతాం.

నాలుగో మెట్టు ఎంత ముఖ్యమో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో హైదరాబాదులో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో ముఖ్యమైన ఆరోపణల్లో ఒకటి హార్డ్ డిస్కుల ధ్వంసం. అది కోర్టులో తేలాల్సిన విషయం. ఎవరు దోషి అన్నది నేను చెప్పబోవడం లేదు. నిబంధన చూద్దాం. రికార్డులను ఆరు నెలలకోసారి నాశనం చేయమని మన నిబంధనే చెబుతుంది. గోప్యత కోసం పెట్టిన నిబంధన అది. మంచిదే. కానీ ఏం పట్టుకున్నారు, ఎవరు చూశారు, ఎప్పుడు చెరిపారు అన్న చిట్టా స్వతంత్ర సంస్థ దగ్గర మిగలకపోతే, చట్టప్రకారం చెరపడానికీ ఆధారం మాయం చేయడానికీ తేడా కనిపెట్టలేం. చెరపాల్సింది మాటల్ని. చెరిపినట్టు చూపే రికార్డును కాదు.

2018లో డేటా రక్షణ మీద కేంద్రం వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ ఈ సమీక్ష కమిటీ పని లెక్కగట్టింది. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ఒక్కో సమావేశంలో పదిహేను నుంచి పద్దెనిమిది వేల ఆదేశాలు చూడాల్సి వస్తోందని రాసింది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా ఎనిమిది గంటలు కూర్చున్నారనుకోండి. ఒక్కో ఆదేశానికి వచ్చేది రెండు సెకన్ల కంటే తక్కువ.